చాట్ స్క్రీన్‌షాట్‌ని తెలుగులోకి ఎలా తేవాలి: మాటతో పాటు గొంతు కూడా రావాలంటే

మా పెద్దక్క తెనాలిలో ఉంటుంది. ఆమె మనవరాలు డల్లాస్‌లో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆ పిల్ల అక్కడ ఒక కూచిపూడి ప్రదర్శనలో తరంగం చేసింది. తరంగం అంటే ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడేది. మర్నాడు క్లాస్‌మేట్ పంపిన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్ తీసి మురిపెంగా అమ్మమ్మకి పంపింది. అక్కకి ఇంగ్లీషు అంతగా రాదు కాబట్టి పక్కింటి ఇంటర్ కుర్రాడిని పిలిచి చదివించుకుంది. వాడు పాపం మాటకి మాట చెప్పాడు. అరగంటలో నాకు ఫోన్. "ఒరేయ్, ఎవరో పిల్ల మన బుజ్జిని తిండిపోతు అంటోందిరా. పళ్ళెంలో మెతుకు కూడా మిగల్చలేదట. పైగా పుర్రె బొమ్మ పెట్టింది. వాళ్ళమ్మకి పిచ్చట కూడానూ!"

ఆ స్క్రీన్‌షాట్‌లో ఉన్నది ఇదీ. ఎడమ వైపున్న మెసేజ్‌లకి L అనీ, కుడి వైపున్న వాటికి R అనీ గుర్తు పెట్టి, వరుసలకి నంబర్లు వేశాను.

```
1 L: GIRL 😭😭😭
2 L: u ATE and left no crumbs
3 L: the footwork on the plate?? im dead 💀
4 L: ur teacher was lowkey crying ngl
5 R: stoppp 🙈
6 R: i messed up the second jathi so bad
7 L: ok and?? nobody noticed
8 L: gtg moms mad 🙃 ttyl
```

నేను అనువాదాలు చేసి బతికేవాణ్ణి. ఇలాంటి స్క్రీన్‌షాట్ చేతికొస్తే ఏ వరసలో పని చేస్తానో ఈ ఎనిమిది వరుసల మీదే చూపిస్తాను. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఫోన్ చూపించి "ఇదేంటో చెప్పు" అని అడుగుతూనే ఉంటారు కదా.

ముందు బొమ్మ చూడండి, తర్వాత మాటలు

స్క్రీన్‌షాట్ కాగితం మీది ఉత్తరం లాంటిది కాదు. మాటల చుట్టూ ఉన్న సరంజామా కూడా అర్థం చెబుతుంది. దాదాపు అన్ని యాప్‌లలోనూ కుడి వైపు మాటలు ఆ స్క్రీన్‌షాట్ తీసిన ఫోన్ మనిషివి, ఎడమ వైపువి అవతలి మనిషివి. ఇది తిరగబడితే మొత్తం తిరగబడుతుంది. పక్కింటి కుర్రాడు చేసిన మొదటి పొరపాటు ఇదే. ఆరో వరుసలో "పాడు చేశాను" అన్నది మన బుజ్జి. వాడు దాన్ని స్నేహితురాలి నోట్లో పెట్టాడు.

తర్వాత టైమ్ చూడండి. మెసేజ్‌కీ మెసేజ్‌కీ మధ్య నిమిషం కూడా లేకపోతే అది ఉత్సాహంగా గబగబా కొట్టిన మాట. అదే మూడు గంటల తర్వాత వచ్చిన "ok" అయితే దాని కథ వేరు. మెసేజ్ మీద ఎవరైనా గుండె గుర్తో నవ్వు గుర్తో పెట్టారా, పాత మెసేజ్‌ని పైన చూపించి దానికి జవాబిచ్చారా, ‘డిలీట్ చేశారు’ అనో ‘ఎడిట్ చేశారు’ అనో ఉందా, ఇవన్నీ చూసుకోండి. వాట్సాప్‌లో పంపిన పదిహేను నిమిషాల లోపు మెసేజ్‌ని దిద్దుకోవచ్చు. అందుకని పైన ఎడిట్ చేసిన మెసేజ్ ఉండి, దాని కింది జవాబు అతకనట్టు కనిపిస్తే, ఆ జవాబు మొదటి మాటకి ఇచ్చింది కావచ్చు. బొమ్మ పైనా కిందా కత్తిరించి ఉంటే, కత్తిరించకుండా ఇంకోటి పంపమని అడగండి. ఒక్కోసారి గొడవకి మూలం ఆ కోసేసిన వరుసలోనే ఉంటుంది.

ఇంకో సంగతి. స్క్రీన్‌షాట్‌లో ఎమోజీ, దాన్ని తీసిన ఫోన్‌లో ఎలా కనిపించిందో అలా ఉంటుంది. పంపిన వాళ్ళ ఫోన్‌లో అది వేరేగా ఉండి ఉండవచ్చు. 2016లో ఆపిల్ తుపాకీ ఎమోజీని పిల్లలు ఆడుకునే నీళ్ళ తుపాకీగా మార్చింది. గూగుల్, శాంసంగ్ లాంటివి 2018లో గానీ మార్చలేదు. మధ్యలో ఆ రెండేళ్ళు ఐఫోన్ నుంచి ఆటబొమ్మ అనుకుని పంపింది, అవతలి ఫోన్‌లో అసలు తుపాకీలా కనిపించింది. పాత స్క్రీన్‌షాట్ చేతికొస్తే ఏ ఏడాదిదో, ఏ ఫోన్‌దో తప్పకుండా అడగండి.

బొమ్మని ఇంకెవరికైనా చూపించి సలహా అడగాలనుకుంటే, ముందు పేరు, ఫొటో, నంబర్ కప్పేయండి. ఫోన్‌లో ఉండే హైలైటర్ పెన్నుతో గీస్తే చాలదు. దాని రంగు పల్చగా ఉంటుంది, వెలుతురు పెంచితే కింది అక్షరాలు మళ్ళీ కనిపిస్తాయి. నిండు నలుపు పెట్టె గీయండి, లేదా ఆ ముక్క కత్తిరించేయండి.

ఉన్నది ఉన్నట్టు దించుకోండి

పైన నేను చేసినట్టే, మెసేజ్‌లని నంబర్లతో ఒక చోట రాసుకోండి. స్పెల్లింగు దిద్దకండి. రెండో వరుసలో పెద్ద అక్షరాలు, ఐదో వరుసలో మూడు `p`లు, మూడో వరుసలో జంట ప్రశ్నార్థకాలు, ఇవేవీ తప్పులు కావు. గొంతు ఎక్కడ లేచిందో, ఎక్కడ సాగిందో అవే చెబుతాయి.

ఫుల్‌స్టాప్ ఉందా లేదా అన్నది కూడా గమనించండి. పుస్తకంలో ఫుల్‌స్టాప్‌కి గొంతు లేదు. చాట్‌లో ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్ యూనివర్సిటీ వాళ్ళు 2015లో విద్యార్థుల మీద ఒక పరిశీలన చేశారు. ఒక్క మాట జవాబు చివర చుక్క పెడితే, అది మనస్ఫూర్తిగా అన్న మాటలా అనిపించడం లేదని తేలింది. అదే మాట కాగితం మీద చేత్తో రాసి చూపిస్తే ఆ తేడా రాలేదట. ఇంగ్లీషులో చుక్క చేసే ఆ పని మనకి మాట చివరే జరిగిపోతుంది. "సరే" వేరు, "సరేలే" వేరు. `fine` అని ఉంటే "సరే" అనండి. `fine.` అని చుక్కతో ఉండి, పైన మాటామాటా అనుకుని ఉంటే "సరేలే" దగ్గరగా ఉంటుంది.

ప్రతి వరుసా ఏం చేస్తోందో రాయండి

అర్థం రాసే ముందు ఒక్కో వరుస పక్కన, ఆ మనిషి ఆ మాటతో ఏ పని చేస్తోందో మన మాటల్లో రాసుకోవాలి. నేను ఈ పనిని ఎప్పుడూ దాటవేయను. పై చాట్‌కి నా కాగితం మీద ఇలా ఉంది: ఒకటి, ఆనందం పట్టలేక కేక. రెండు, మెచ్చుకోలు. మూడు, ఆశ్చర్యం. నాలుగు, మెచ్చుకోలుకి సాక్ష్యం. ఐదు, సిగ్గు. ఆరు, తనని తాను తక్కువ చేసుకోవడం. ఏడు, స్నేహితురాలిని వెనకేసుకు రావడం. ఎనిమిది, సెలవు తీసుకోవడం, కాస్త విసుగుతో.

ఇది రాసుకున్నాక మూడో వరుసలో చావు ఎక్కడా లేదని మీకే తెలిసిపోతుంది. మెచ్చుకుంటున్న మనిషి మధ్యలో చావు కబురు చెప్పదు కదా. తెలియని మాట తగిలితే చుట్టుపక్కల వరుసలు చేస్తున్న పనిలో అది ఇమడాలి. ఇమడలేదంటే మీరు పట్టుకున్న అర్థం తప్పు.

యాస మాటని వయసుతో సహా పట్టుకోండి

‘ఏట్’ అంటే ఇక్కడ తినడం కాదు, అదరగొట్టడం. ‘లెఫ్ట్ నో క్రంబ్స్’ అంటే రవ్వంత కూడా వదల్లేదని, అంటే వంక పెట్టడానికి ఏమీ మిగల్చలేదని. ఇవి అమెరికాలో నల్లజాతి వాళ్ళ వాడుకలోంచి వచ్చి, టిక్‌టాక్ లాంటి వాటి ద్వారా పిల్లలందరికీ పాకిన మాటలు. మా అక్క విషయంలో కష్టం ఏమిటంటే కింది వరుసలోనే పళ్ళెం ఉంది. తినడం, మెతుకులు, పళ్ళెం మూడూ వరసగా వచ్చేసరికి ఆ కుర్రాడికి భోజనం తప్ప ఇంకేం తోస్తుంది! ఆ పళ్ళెం మాత్రం నిజంగా పళ్ళెమే, తరంగం పళ్ళెం. యాస మాటల మధ్య అసలు అర్థంతోనే వచ్చిన మాటని గుర్తు పట్టడం కూడా ఈ పనిలో భాగమే.

‘డెడ్’ అన్నదానికి చాలాసార్లు నవ్వలేక చచ్చానని అర్థం. పుర్రె బొమ్మ కూడా ఇప్పటి పిల్లలకి నవ్వు గుర్తే. ఇక్కడ మాత్రం నవ్వొచ్చే సంగతేమీ లేదు, చూసి నోరు తెరిచేసిందని. ‘లోకీ’కి రెండు అర్థాలున్నాయి, ‘పైకి కనపడనీయకుండా’ అని ఒకటి, ‘ఓ మోస్తరుగా’ అని ఇంకోటి. `ngl` అంటే ‘అబద్ధం ఎందుకు చెప్పాలి’ అని. ‘మ్యాడ్’ అంటే అమెరికాలో పిచ్చి కాదు, కోపం.

అర్థం మీద అనుమానముంటే నిఘంటువు ఒక్కటే చూసి ఊరుకోకండి. అదే వయసు వాళ్ళు అదే మాటని ఇంకో రెండు మూడు చోట్ల ఎలా వాడారో చూడండి. అంతకంటే మంచి దారి, పంపిన పిల్లనే అడగడం. ‘లోకీ’ గురించి నేను బుజ్జినే అడిగాను. "టీచర్ అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు" అంది. దాంతో మొదటి అర్థమే ఖాయమైంది.

ఇప్పుడు తెలుగు మాట ఎంచుకోవాలి. మనకీ మెచ్చుకోలు యాసకి కొదవ లేదు. ఇరగదీశావ్, కుమ్మేశావ్, చింపేశావ్, దుమ్ము రేపావ్, హైదరాబాద్ వైపు కిరాక్ ఉన్నాయి. వీటన్నిటికీ వయసూ ఊరూ ఉన్నాయి. ‘కేక’ అంటే ఇప్పుడు కాస్త పాతబడ్డ గొంతు, పధ్నాలుగేళ్ళ పిల్ల నోట్లో పెట్టబుద్ధి కాదు. అలాగని ‘కిరాక్’ అంటే తెనాలిలో అరవై ఎనిమిదేళ్ళ ఆవిడకి మళ్ళీ ఇంకోసారి అనువాదం చేయాలి. మాట్లాడే మనిషి వయసు వినపడాలి, వినే మనిషికి అర్థం కావాలి. రెండిటికీ సరిపడేది ‘ఇరగదీశావ్’ అనిపించింది. మా అక్క టీవీలో ఆ మాట రోజూ వింటుంది.

తెలుగులో గొంతు ఎక్కడుందో అక్కడ పెట్టండి

ఇక్కడ తొందరపడకండి. ఇంగ్లీషు చాట్‌లో గొంతంతా ఎమోజీల్లో, పెద్ద అక్షరాల్లో, యాస మాటల్లో ఉంటుంది. తెలుగులో గొంతు ప్రధానంగా రెండు చోట్ల ఉంటుంది. ఒకటి పిలుపులో, రెండోది క్రియ చివర్లో. రా, వే, అండీ, లే, గా, కదా, మరి, తెలుసా లాంటి చిన్న ముక్కలు మూడు ఏడుపు బొమ్మలు చేసే పని చేయగలవు. అవి లేకుండా మాటలు ఎంత సరిగ్గా పెట్టినా, అర్జీ చదువుతున్నట్టే ఉంటుంది.

అందుకని నేను మొదట పిలుపు తేల్చుకుంటాను. వీళ్ళిద్దరూ ఒకే ఈడు పిల్లలు, ప్రాణ స్నేహితులు. తెనాలిలో అయితే ఒకళ్ళనొకళ్ళు ‘ఒసేయ్’, ‘ఏమే’ అనుకుంటారు, క్రియకి ‘వే’ తగిలిస్తారు. కాబట్టి ఒకటో వరుస "అమ్మాయీ" కాదు, "ఒసేయ్!" అవుతుంది. అదే మాట మొగుడు పెళ్ళాన్ని అంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఇద్దరు పిల్లల మధ్య అది ముద్దు. పిలుపు తేలిందంటే మిగిలిన వరుసల క్రియలు వాటంతటవే కుదురుకుంటాయి.

ఐదో వరుస చూడండి. ‘స్టాప్’ని ‘ఆపు’ అంటే తిట్టు. చేతులతో కళ్ళు మూసుకున్న కోతి బొమ్మా, సాగదీసిన అక్షరాలూ కలిపి సిగ్గు చెబుతున్నాయి. పొగిడినప్పుడు సిగ్గుపడుతూ మనవాళ్ళు అనే మాట "అబ్బా, ఊరుకోవే". ఆ ‘ఊరుకోవే’లో కోతి బొమ్మ మొత్తం ఇమిడిపోయింది. ఏడో వరుసలో ‘ఓకే అండ్’ అన్నది "సరే, ఇంకా?" కాదు, "అయితే ఏంటంట?". వెనకేసుకొచ్చేటప్పుడు మనం అనే మాట అదే.

నాలుగో వరుస నన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. ఇంగ్లీషులో టీచర్ ఏడ్చిందంటే అందులో గౌరవం లేదు, అగౌరవమూ లేదు. తెలుగులో క్రియ పెట్టగానే ఏదో ఒక పక్షం ఎంచుకోవాలి. ‘మీ టీచర్ ఏడ్చింది’ అంటే, నాట్యం నేర్పిన గురువుని మా అక్క ముందు తేలిక చేసినట్టవుతుంది. ‘ఏడ్చారు’ అంటే ఆ వయసు స్నేహితురాలి చాట్‌లా ఉండదు. చివరికి మనిషిని క్రియకి కట్టకుండా కళ్ళకి కట్టాను: "మీ టీచర్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి". ఇలా మనిషి నుంచి క్రియని తప్పించే వాక్యాలు తెలుగులో చాలా ఉన్నాయి. గౌరవం దగ్గర ఇరుక్కున్నప్పుడల్లా నేను వాటిని వెతుక్కుంటాను.

ఎమోజీని ఉంచాలా, మాట చేయాలా

చదివే మనిషికి ఆ ఎమోజీ అదే అర్థంలో తెలిస్తే ఉంచండి. వేరే అర్థం తోచేదైతే తీసేసి, దాని పని మాటకి అప్పగించండి. మా అక్కకి ఏడుపు బొమ్మ అంటే ఏడుపే, పుర్రె అంటే డేంజర్ బోర్డే. అందుకని ఆ రెండూ తీసేశాను. కోతి బొమ్మ ఉంచాను, అది ఆవిడకి తెలుసు. తలకిందుల నవ్వు ముఖం ‘ఏం చేస్తాం, ఇదీ నా బతుకు’ అని నవ్వుతూ చెప్పడం. దాన్ని ‘మొదలెట్టేసింది’ అన్న క్రియలో పెట్టాను.

తెలుగు నుంచి ఇంగ్లీషుకి వెళ్ళేటప్పుడు ఎక్కువ ఇబ్బంది పెట్టేది దండం ఎమోజీ. మనవాళ్ళ చాట్‌లో అది నమస్కారం, కృతజ్ఞత, దేవుడి ఫొటో కింద భక్తి, ఎవరైనా పోయారంటే సంతాపం. వీటితో పాటు "నీకో దండంరా బాబూ, ఇక వదిలెయ్" కూడా అదే. ఒక ఆఫీసు గ్రూపులో `sarle swamy 🙏` అని ఉన్న మెసేజ్‌ని ఒకతను "ఓకే సర్, థాంక్యూ" అని ఇంగ్లీషులో రాయగా నేను చూశాను. అన్న మనిషి చేసింది మర్యాద కాదు, విసిగిపోయి చేతులెత్తేయడం. ‘సరే’కి ‘లే’ తగిలిందంటే పక్కన ఉన్న దండం నమస్కారం అయ్యే అవకాశం తక్కువ. ఇక్కడా ఎమోజీ అర్థం పక్క మాట చివర్లోనే దొరికింది.

స్కూలుకో కోర్టుకో అయితే ఇలా చేయకండి

పైన చెప్పినదంతా ఇంట్లో వాళ్ళకి. అదే స్క్రీన్‌షాట్ స్కూలు ఫిర్యాదుకో, పోలీసులకో, కోర్టుకో వెళ్ళేదైతే ఎమోజీ తీసేయడానికి మీకు హక్కు లేదు, ‘చచ్చిపోయాను’ని ‘నోరు తెరిచేశాను’ చేసే హక్కూ లేదు. మూడు గళ్ళ పట్టిక వేయండి. మొదటి దాంట్లో ఉన్నది ఉన్నట్టు, రెండో దాంట్లో మాటకి మాట, మూడో దాంట్లో ఆ వయసు వాళ్ళ వాడుకలో దాని అర్థం ఏమిటన్నది రాయండి. రెండు అర్థాలకి వీలుంటే రెండూ రాయండి. తేల్చడం వాళ్ళ పని.

ఒక్క ఎమోజీ ఎంత దూరం వెళ్తుందో చూడండి. కెనడాలోని సస్కచువాన్‌లో ఒక ధాన్యం కొనుగోలుదారు 2021లో అవిసెల ఒప్పందం ఫొటో తీసి రైతుకి పంపి, ఖాయం చేయమన్నాడు. రైతు బొటనవేలు గుర్తు 👍 పెట్టాడు. కాగితం అందిందని మాత్రమే తన ఉద్దేశమని తర్వాత రైతు వాదించాడు. 2023లో అక్కడి కోర్టు దాన్ని ఒప్పుకున్నట్టే లెక్క అని తేల్చి, 82 వేల కెనడా డాలర్లకు పైగా కట్టమంది. అలాంటి చాట్‌ని తెలుగు చేసేవాళ్ళు ఆ గుర్తుని ‘సరే’ అని రాసేస్తే, జడ్జి తేల్చాల్సిన సంగతిని ముందే తేల్చేసినట్టవుతుంది. ‘బొటనవేలు పైకెత్తిన గుర్తు’ అని మాత్రమే రాయాలి.

బయటికి చదివి వినిపించండి

ఇల్లు దాటని చాట్‌కి చివరి పరీక్ష చెవే. రాసింది చదివి వినిపించి, "ఏమంది?" అని కాకుండా "ఎలా అంది?" అని అడగండి. సంతోషంగా అంది, సిగ్గుపడింది, విసుక్కుంది అని వినే మనిషి చెప్పగలిగితే, ప్రతి వరుసా ఏం చేస్తోందో మీరు రాసుకున్న కాగితంతో పోల్చుకోండి. ఎక్కడ తేడా వస్తే ఆ వరుస క్రియ చివర మార్చి మళ్ళీ చదవండి. మొదటిసారి నేను ఏడో వరుసని "అయితే ఏంటి?" అని చదివితే అక్క "కసురుకుందా?" అంది. ‘ఏంటంట’ అని మార్చాక సర్దుకుంది.

అక్కకి ఫోన్‌లో చదివిన చివరి ప్రతి ఇది:

"ఒసేయ్! అయ్యబాబోయ్, ఇరగదీశావే! వంక పెట్టడానికి రవ్వంత కూడా మిగల్చలేదు. ఆ పళ్ళెం మీద ఆ అడుగులేంటే! నేనైతే అక్కడే ఫ్లాట్. నిజం చెప్తున్నా, పైకి కనపడనీలేదు గానీ మీ టీచర్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి తెలుసా."

"అబ్బా, ఊరుకోవే 🙈 రెండో జతి ఎంత పాడు చేశానో!"

"అయితే ఏంటంట? ఎవరికీ తెలియనే లేదుగా. సరే, నేను పోవాలి, మా అమ్మ మొదలెట్టేసింది. మళ్ళీ మాట్లాడతా."

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ పిల్లకి దాని మీద ఎంత ప్రేమరా" అంది. ఆ వెంటనే, "ఇంతకీ రెండో జతిలో ఎక్కడ తప్పిందట? పళ్ళెం మీంచి కాలు జారలేదు కదా?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా బుజ్జికే ఫోన్ కలిపింది.